పీఎల్‌సీ భాషలు ఐదు: ఏ పనికి ఏది? ఒక సీఐపీ ప్లాంట్‌లో పెట్టి చూద్దాం

"లాడర్ వస్తే సరిపోతుందా, స్ట్రక్చర్డ్ టెక్స్ట్ కూడా నేర్చుకోవాలా?" ఆటోమేషన్ వైపు వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. భాషల పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే దీనికి జవాబు దొరకదు. ఒక నిజమైన ప్లాంట్ తీసుకుని, అందులో ఏయే పనులున్నాయో విడదీసి చూస్తే చాలావరకు దానంతటదే తేలిపోతుంది. ఎందుకంటే ఒక్క భాషలో మొత్తం రాయాల్సిన ప్లాంట్లు తక్కువ. చిన్న ప్లాంట్‌లో కూడా మూడు నాలుగు రకాల పనులు కలిసే ఉంటాయి.

ఇక్కడ పాల ఫ్యాక్టరీలో ఉండే సీఐపీ తీసుకుంటాను. ట్యాంకులు, పైపులు విప్పకుండా లోపలే కడిగే ఏర్పాటు అది. ముందు మామూలు నీళ్లు పంపి మిగిలిన పాలు కడిగేస్తారు. తర్వాత ఒకటి, ఒకటిన్నర శాతం కాస్టిక్ సోడా ద్రావణాన్ని 70–75 డిగ్రీల దగ్గర కాసేపు తిప్పుతారు. మళ్లీ నీళ్లు. ఆపైన 60–65 డిగ్రీల దగ్గర పలచని నైట్రిక్ యాసిడ్. చివర్లో మళ్లీ మంచినీళ్లు. కొవ్వు, ప్రొటీన్ కాస్టిక్‌తో వదులుతాయి, వేడికి అంటుకున్న ఖనిజాల పొర యాసిడ్‌తో వదులుతుంది. ఒక సప్లై పంపు, పది పన్నెండు వాల్వులు, వేడి చేయడానికి ఒక స్టీమ్ కంట్రోల్ వాల్వ్, రిటర్న్ లైన్లో ఒక టెంపరేచర్ సెన్సర్, ఒక కండక్టివిటీ సెన్సర్. ఇంతే సరంజామా.

ఐదు భాషలనూ ఒక పద్ధతిలోకి తెచ్చింది ఐఈసీ 61131-3 ప్రమాణం. మొదట 1993లో వచ్చింది. అందులో లాడర్, ఫంక్షన్ బ్లాక్ డయాగ్రమ్, సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్ బొమ్మల రూపంలో ఉంటాయి. స్ట్రక్చర్డ్ టెక్స్ట్, ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్ అక్షరాల్లో ఉంటాయి. సీమెన్స్ టీఐఏ పోర్టల్ తెరిస్తే వరుసగా LAD, FBD, GRAPH, SCL, STL అని కనిపించేవి ఇవే.

పంపు, వాల్వు, ఇంటర్‌లాక్: లాడర్

సప్లై పంపు సంగతి చూడండి. స్టార్ట్ నొక్కితే తిరగాలి, స్టాప్ నొక్కితే ఆగాలి, ఓవర్‌లోడ్ ట్రిప్ అయితే ఆగాలి. ఇవన్నీ "ఇది ఉంటే, అది కూడా ఉంటే" అనే షరతులు. లాడర్ పుట్టిందే ఇలాంటి పని కోసం. 1960ల చివర అమెరికాలో కార్ల ఫ్యాక్టరీల్లో రిలే ప్యానెళ్లను తీసేసి పీఎల్‌సీ పెట్టినప్పుడు, అక్కడి ఎలక్ట్రీషియన్లు అలవాటుపడ్డ వైరింగ్ డ్రాయింగ్ రూపాన్నే స్క్రీన్ మీదికి తెచ్చారు.

```
  StartPB       StopPB     OL_OK       Pump
----| |----+-----| |--------| |---------( )
   Pump    |
----| |----+
```

స్టార్ట్ బటన్ వదిలేశాక కూడా పంపు తిరుగుతూ ఉండటానికి, పంపు కాంటాక్టునే స్టార్ట్‌కి పక్కన సమాంతరంగా పెట్టాం. స్టాప్ దగ్గర మాత్రం కొత్తవాళ్లు తికమకపడతారు. స్టాప్ బటన్ని వైరింగ్‌లో నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టుతో కలుపుతారు, వైరు తెగిపోతే మెషీన్ ఆగిపోవాలని. అంటే ఎవరూ నొక్కనప్పుడు ఆ ఇన్‌పుట్ ఎప్పుడూ 1గానే ఉంటుంది. కాబట్టి ప్రోగ్రామ్‌లో దానికి నార్మల్లీ ఓపెన్ గుర్తే పెట్టాలి. ఓవర్‌లోడ్ రిలే 95–96 కాంటాక్టు నుంచి వచ్చే OL_OK కూడా అంతే. బటన్ నార్మల్లీ క్లోజ్డ్ కదా అని రంగ్‌లో, అంటే లాడర్‌లోని ఆ వరుసలో కూడా అడ్డగీత గుర్తు పెడితే స్టార్ట్ నొక్కినా పంపు కదలదు, ఒకవేళ వైరు తెగితే మాత్రం స్టార్ట్‌కి సిద్ధంగా ఉంటుంది. అది ప్రమాదం.

లాడర్ గొప్పదనం రాసేటప్పుడు కంటే వెతికేటప్పుడు తెలుస్తుంది. నైట్ షిఫ్ట్‌లో పంపు స్టార్ట్ కాలేదంటే, డ్యూటీలో ఉన్న ఎలక్ట్రీషియన్ లాప్‌టాప్ పెట్టి ఆన్‌లైన్‌లో చూస్తే రంగ్ ఎక్కడిదాకా పచ్చగా ఉందో, ఏ కాంటాక్టు దగ్గర ఆగిందో కంటికి కనిపిస్తుంది. ఆయనకు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఇదే లాజిక్ స్ట్రక్చర్డ్ టెక్స్ట్‌లో ఒక్క లైను:

```
Pump := (StartPB OR Pump) AND StopPB AND OL_OK;
```

పొట్టిగానే ఉంది, తప్పేమీ లేదు. కానీ ఇందులో ఏ షరతు అడ్డుపడిందో తెలుసుకోవాలంటే ఒక్కో వేరియబుల్ విలువ విడిగా చదువుకోవాలి. పది ఇంటర్‌లాకులున్న లైన్లో అది కష్టం. అందుకే మోటార్లు, వాల్వులు, ఇంటర్‌లాకుల విషయంలో నా సలహా లాడరే.

లాడర్‌లో ఎక్కువగా జరిగే తప్పు ఒకే కాయిల్‌ని రెండు చోట్ల రాయడం. ఆటో మోడ్‌కి ఒక రంగ్, మాన్యువల్ మోడ్‌కి ఒక రంగ్ రాసి రెండింటి చివరా Pump కాయిలే పెడతారు. పీఎల్‌సీ పైనుంచి కిందికి వరుసగా చదువుకుంటూ పోతుంది, అవుట్‌పుట్లకు చివరి విలువనే పంపుతుంది. కాబట్టి కింద ఉన్న రంగ్ చెప్పిందే చెల్లుతుంది. పై రంగ్‌లో కాంటాక్టులన్నీ పచ్చగానే ఉంటాయి, కార్డు మీద అవుట్‌పుట్ లైట్ మాత్రం వెలగదు. ఇలా కనిపిస్తే కార్డు పోయిందని మార్చేముందు ఆ కాయిల్‌కి క్రాస్ రిఫరెన్స్ తెరిచి, ఎన్నిచోట్ల రాస్తున్నారో చూడండి. ఆటో, మాన్యువల్ రెండు దారులూ కలిసి ఒకే కాయిల్‌కి రావాలి.

ఒకదాని తర్వాత ఒకటి: సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్

సీఐపీకి గుండెకాయ లాంటి భాగం ఆ ఐదు దశల వరుస. దీన్ని లాడర్‌లో రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కో దశకి ఒక్కో మెమరీ బిట్ పెట్టి, సెట్ చేస్తూ, రీసెట్ చేస్తూ పోతారు. రెండు దశల బిట్లు ఒకేసారి ఆన్ కానంతవరకు బాగానే నడుస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడో, ఆపరేటర్ మధ్యలో ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడో ఒక రీసెట్ తప్పిపోతుంది. అప్పుడు కాస్టిక్ వాల్వూ యాసిడ్ వాల్వూ కలిసి తెరుచుకునే పరిస్థితి వస్తుంది.

సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్‌లో ఆ బాధ పెద్దగా ఉండదు. ఫ్రాన్స్‌లో 1970లలో తయారైన గ్రాఫ్‌సెట్ దీనికి మూలం. దశ ఒక పెట్టె, కింద అడ్డగీత మీద ఒక షరతు, ఆ కింద తర్వాతి పెట్టె. షరతు నెరవేరగానే పై పెట్టె ఆగి కింది పెట్టె మొదలవుతుంది. చార్టులో మనం కావాలని రెండు దారులుగా విడదీస్తే తప్ప రెండు దశలు కలిసి నడవవు. ఆ పెట్టెల్లోపల ఏం చేయాలో, షరతు ఏమిటో మాత్రం మిగతా భాషల్లోనే రాయాలి. అంటే ఇది ఒంటరిగా నిలబడే భాష కాదు, మిగతావాటికి చట్రం.

సైకిల్ మధ్యలో ఆగిపోయిందనుకోండి. చార్ట్ తెరిస్తే కాస్టిక్ పెట్టె వెలుగుతూ కనిపిస్తుంది, దాని కింద షరతులో "రిటర్న్ టెంపరేచర్ 72 దాటాలి" అన్నది నెరవేరలేదని కనిపిస్తుంది. ఇక ప్రోగ్రామ్ వెతకాల్సిన పనిలేదు, స్టీమ్ వైపు వెళ్లి చూడాలి.

ఇందులో జాగ్రత్తపడాల్సింది పెట్టెలోని పనికి ముందు పెట్టే అక్షరం దగ్గర. N పెడితే ఆ దశ నడిచినంతసేపే వాల్వ్ తెరుచుకుంటుంది, దశ అయిపోగానే మూసుకుంటుంది. S పెడితే దశ దాటినా తెరిచే ఉంటుంది, ఇంకెక్కడో R రాసేదాకా. సీఐపీ వాల్వులకు N చాలు. రిన్స్ దశ మొదలయ్యాక కూడా రిటర్న్‌లో కండక్టివిటీ తగ్గడం లేదంటే, కాస్టిక్ వాల్వ్‌కి ఎవరో S పెట్టి R మర్చిపోయారేమో మొదట చూడాలి.

ఇంకో హద్దు కూడా ఉంది. చార్ట్ ఏ పెట్టెలో ఉందో ఆ పెట్టె కింద షరతులే చూస్తుంది. పంపు ట్రిప్ కావడం, ట్యాంక్ మూత తెరవడం లాంటివి ఏ దశలోనైనా జరగొచ్చు. వాటిని ప్రతి పెట్టెకీ అతికించాలని చూస్తే చార్ట్ సాలెగూడైపోతుంది. చార్ట్ "పంపు తిరగాలి" అని అడగడంతో ఆపేయాలి. నిజంగా తిప్పాలా వద్దా అన్నది బయట లాడర్‌లోని ఇంటర్‌లాక్ రంగ్ తేల్చాలి. ఎమర్జెన్సీ స్టాప్ అయితే మామూలు ప్రోగ్రామ్ మీదే ఆధారపడకూడదు, సేఫ్టీ రిలే గానీ సేఫ్టీ పీఎల్‌సీ గానీ ఉండాలి.

లెక్కలు, రెసిపీలు: స్ట్రక్చర్డ్ టెక్స్ట్

పాస్కల్ చదివినవాళ్లకు ఇది చూడగానే పరిచయంగా ఉంటుంది. ఎంత కాస్టిక్ వాడాం, ఏ ట్యాంకుకి ఎన్ని నిమిషాలు, ఏ రెసిపీలో ఎంత ఉష్ణోగ్రత, రిపోర్టుకి తేదీతో పేరు తయారు చేయడం, ఇవన్నీ దీనికి చెందిన పనులు. ఇరవై ట్యాంకుల రెసిపీలను అరేలో పెట్టుకుని ఒక్క FOR లూప్‌తో వెతకొచ్చు. అదే లాడర్‌లో రాస్తే పేజీలకు పేజీలు అవుతుంది.

టెంపరేచర్ సెన్సర్ 0–150 డిగ్రీలకు 4–20 మిల్లీయాంప్స్ ఇస్తుందనుకుందాం. సీమెన్స్ అనలాగ్ కార్డులో అది 0 నుంచి 27648 దాకా అంకెగా వస్తుంది. కాస్టిక్ 75 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కార్డు 13824 చూపిస్తుంది. దీన్ని పూర్ణాంకాలతోనే భాగిస్తే 13824 / 27648 సున్నా అవుతుంది, దశాంశం పోతుంది. పోనీ ముందు 150తో గుణిద్దామంటే 20 లక్షలు దాటుతుంది, 16 బిట్ల INT 32767 దాకానే మోస్తుంది. రెండు దారుల్లోనూ స్క్రీన్ మీద టెంపరేచర్ సున్నా గానీ పిచ్చి అంకె గానీ వస్తుంది. ముందే REAL చేసుకోవాలి:

```
RetTemp := INT_TO_REAL(RawTemp) / 27648.0 * 150.0;
```

కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నుంచి వచ్చినవాళ్లు చేసే తప్పు ఇంకొకటి. "వాల్వ్ తెరుచుకునేదాకా ఆగు" అని WHILE లూప్ రాస్తారు. పీఎల్‌సీ ప్రతి స్కాన్‌లో ఇన్‌పుట్లు చదివి, ప్రోగ్రామ్ మొత్తం నడిపి, అవుట్‌పుట్లు రాస్తుంది. లూప్‌లో చిక్కుకుంటే స్కాన్ పూర్తికాదు, వాల్వ్‌కి ఆర్డరే వెళ్లదు, చివరికి ఒక స్కాన్‌కి ఇచ్చిన గరిష్ఠ సమయం, అంటే వాచ్‌డాగ్ టైమ్ దాటి పీఎల్‌సీ ఫాల్ట్ చూపిస్తుంది. ఇక్కడ ఎదురుచూడటం అంటే ఈ స్కాన్‌కి వదిలేసి తర్వాతి స్కాన్‌లో మళ్లీ చూడటం.

సీక్వెన్స్ చార్ట్ సౌకర్యం లేని పీఎల్‌సీలో దశల వరుసని CASEతో రాయడం మామూలే. అది మంచి పద్ధతే. కానీ టైమర్‌ని ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. చాలామంది ఆ దశ లోపలే టైమర్‌ని పిలుస్తారు. మొదటి సైకిల్ సరిగ్గా 15 నిమిషాలు నడుస్తుంది. టైమర్ పూర్తికాగానే దశ మారిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ పిలవరు కాబట్టి అది రీసెట్ కాదు, "అయిపోయింది" అన్న స్థితిలోనే ఉండిపోతుంది. రెండో సైకిల్‌లో ఆ దశలోకి రాగానే "అయిపోయింది" అని చెప్పి బయటికి పంపేస్తుంది. కాస్టిక్ వాష్ జరగకుండానే సైకిల్ ముగుస్తుంది, స్క్రీన్ మీద అంతా పూర్తయినట్టే ఉంటుంది. కొత్త ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేశాక ఒక్క సైకిల్ చూసి వచ్చేస్తే ఇది పట్టుబడదు, వెంటనే రెండోది కూడా నడిపి చూడాలి. సరైన రూపం ఇది:

```
CausticTmr(IN := (StepNo = 30) AND (RetTemp >= 72.0),
           PT := T#15m);
CASE StepNo OF
  30: V_Caustic := TRUE;
      IF CausticTmr.Q THEN
        V_Caustic := FALSE;
        StepNo := 40;
      END_IF;
END_CASE;
```

టైమర్ బయట ఉంది, ప్రతి స్కాన్‌లోనూ దానికి పిలుపు అందుతుంది. దశ 30 దాటగానే దాని ఇన్‌పుట్ పడిపోయి రీసెట్ అవుతుంది. ఇంకో లాభం, రిటర్న్ 72 డిగ్రీలకు చేరాకే లెక్క మొదలవుతుంది. పైపులు వేడెక్కే సమయం వాష్ సమయంలో కలవదు. అయితే ఇది మామూలు TON టైమర్ కాబట్టి వేడి ఒక్క క్షణం 72 కిందికి పడినా మళ్లీ సున్నా నుంచి మొదలు. టెంపరేచర్ 72 దగ్గరే అటూ ఇటూ ఊగుతుంటే సైకిల్ ఎప్పటికీ పూర్తికాదు. అప్పుడు కాస్టిక్ సెట్‌పాయింట్‌ని 75 దగ్గర ఉంచడమో, గడిచిన సమయాన్ని దాచుకునే టైమర్ వాడటమో చేయాలి. ఏది ఒప్పుకుంటారన్నది క్వాలిటీ వాళ్లని అడిగే రాయాలి.

స్టీమ్ వాల్వ్, పీఐడీ: ఫంక్షన్ బ్లాక్ డయాగ్రమ్

ఆ 75 డిగ్రీలని నిలబెట్టేది స్టీమ్ కంట్రోల్ వాల్వ్. సెన్సర్ విలువ ఎడమ నుంచి వస్తుంది, స్కేలింగ్ బ్లాక్ దాటి, ఫిల్టర్ దాటి, కావాల్సిన వేడికీ ఉన్న వేడికీ తేడా చూసి వాల్వ్ ఎంత తెరవాలో లెక్కగట్టే పీఐడీ బ్లాక్‌లోకి వెళ్లి, లిమిట్ బ్లాక్ దాటి కుడివైపు వాల్వ్‌కి చేరుతుంది. విలువ ఇలా ప్రవహించే పనులకి బ్లాక్ డయాగ్రమ్ బాగా నప్పుతుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీర్లు లూప్ డ్రాయింగ్ ఎలా చదువుతారో దీన్నీ అలాగే చదువుతారు, ప్రతి గీత మీదా అప్పటి విలువ కనిపిస్తుంది.

భాష ఏదైనా పీఐడీని మెయిన్ ప్రోగ్రామ్‌లో ఊరికే పిలవకూడదు. స్కాన్ సమయం మారుతూ ఉంటుంది, పీఐడీ లెక్కకేమో సమానమైన విరామం కావాలి. సీమెన్స్‌లో OB30 లాంటి సైక్లిక్ ఇంటరప్ట్‌లో, ఉదాహరణకు ప్రతి 100 మిల్లీసెకండ్లకు పిలవాలి. ట్యూనింగ్ ఒకరోజు సరిగ్గా ఉండి, ప్రోగ్రామ్ పెద్దదయ్యాక వాల్వ్ ఊగడం మొదలుపెడితే ముందు ఇది చూడండి. దశల వరుసని మాత్రం బ్లాకుల్లో రాయొద్దు, గీతలు ఒకదాని మీదొకటి పడి చదవలేం. సీమెన్స్ సేఫ్టీ ప్రోగ్రాములు రాయడానికి ఇచ్చేది ఈ భాషా, లాడరూ మాత్రమే.

ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్

కొత్త పనికి దీన్ని ఎంచుకోవద్దు. ఐఈసీ ప్రమాణం 2013 ఎడిషన్‌లోనే దీన్ని ఇక వాడొద్దన్న జాబితాలో పెట్టారు, 2025 ఎడిషన్‌లో తీసేశారు. పైన రాసిన పంపు రంగ్ ఇందులో ఇలా ఉంటుంది:

```
LD   StartPB
OR   Pump
AND  StopPB
AND  OL_OK
ST   Pump
```

మెమరీ తక్కువగా ఉన్న రోజుల్లో ఇది అవసరమైంది. ఇప్పుడు దీన్ని చదవడం మాత్రం వచ్చి ఉండాలి, ఎందుకంటే S7-300, S7-400 ఉన్న పాత ప్లాంట్లలో దీని సీమెన్స్ రూపమైన STL ఇంకా చాలా ఉంది. అలాంటిదాన్ని మార్చేటప్పుడు కొత్త పీఎల్‌సీ ఎంపికే ఖర్చుని తేలుస్తుంది. S7-1500లో STL నడుస్తుంది. S7-1200లో లేదు, అక్కడికి వెళ్తే ఆ భాగమంతా మళ్లీ రాసుకోవాలి. కొటేషన్ ఇచ్చేముందే పాత ప్రోగ్రామ్ తెరిచి ఎన్ని బ్లాకులు STLలో ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి.

చేతిలో ఉన్న పీఎల్‌సీ ఏమిస్తుంది

పైన చెప్పిన పంపకం కుదరాలంటే సాఫ్ట్‌వేర్‌లో ఆ భాషలుండాలి. రాక్‌వెల్ స్టూడియో 5000లో ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్ తప్ప మిగతా నాలుగూ ఉన్నాయి, కొన్నింటికి లైసెన్స్ స్థాయి చూసుకోవాలి. కోడ్‌సిస్ మీద నడిచే పీఎల్‌సీల్లో అన్నీ దొరుకుతాయి. మామూలు S7-1200 అయితే లాడర్, ఫంక్షన్ బ్లాక్, SCL వరకే. అందులో సీఐపీ చేయాలంటే వరుసని SCLలో CASEతో, ఇంటర్‌లాకులు లాడర్‌లో రాయడం నాకు తెలిసినంతలో చక్కటి దారి.

ప్లాంట్‌లో మెయింటెనెన్స్ ఎవరు చూస్తారన్నది కూడా అడగండి. అందరూ ఐటీఐ చేసిన ఎలక్ట్రీషియన్లే అయి, టెక్స్ట్ కోడ్ చదివేవాళ్లు లేకపోతే, లెక్కల భాగాన్ని ఒక ఫంక్షన్ బ్లాక్‌లో మూసి ఉంచి, వాళ్లు తెరిచే పేజీలన్నీ లాడర్‌లో ఉంచడం మేలు.

చిన్న పీఎల్‌సీ, లాడర్ ఒక్కటే ఉంది, అయినా వరుస రాయాలి అంటే సెట్, రీసెట్ బిట్లు వద్దు. ఒకే ఒక పూర్ణాంకం StepNo పెట్టుకోండి. ప్రతి దశకీ ఒక రంగ్: StepNo 30కి సమానమా అని పోల్చే బ్లాక్, పక్కన ఆ దశ షరతులు, చివర 40ని StepNoలోకి పంపే MOVE. అంకె ఒక్కటే కాబట్టి ఒకేసారి రెండు దశలు నడిచే అవకాశం ఉండదు. వాల్వుల రంగ్‌లు వేరే పేజీలో ఉండాలి, ఒక్కో వాల్వ్‌కి ఒక్కటే కాయిల్, ముందు అది తెరుచుకోవాల్సిన దశల పోలికలన్నీ సమాంతరంగా. దశలకి 10, 20, 30 అని పదేసి ఎడంగా నంబర్లు ఇస్తే, రేపు మధ్యలో ఒక డ్రెయిన్ దశ కావాలన్నా 35 అని పెట్టుకోవచ్చు. ఆ StepNoని ఆపరేటర్ స్క్రీన్ మీద ఒక మూల చూపిస్తే, సైకిల్ ఆగిపోయిందని ఫోన్ చేసినవాళ్లని మొదట అడగాల్సింది ఆ అంకే.